అతని పుట్టినరోజు ఇంకా అయిపోలేదు

ఒక జంటను ఊహించుకుందాం. ఆమె విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. అతను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పెళ్లయి ఏడాదిన్నర అయింది. వీసా పని తెమలక ఆమె ఇంకా ఇక్కడే ఉంది. 2026 మార్చి 10, మంగళవారం అతని పుట్టినరోజు. ఆ ఉదయం పదకొండున్నర కావస్తుండగా ఆమె కౌంటరును పక్కనున్న అమ్మాయికి అప్పజెప్పి, ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. డల్లాస్‌లో రాత్రి పన్నెండు కాగానే అతను వినే తొలి మాట తనదే కావాలని ఆమె కోరిక. సంక్రాంతికి మాట్లాడినప్పుడు చూసుకున్న లెక్క ఆమెకు బాగా గుర్తుంది. మనకు పగలు పదకొండున్నర అయితే అక్కడ అర్ధరాత్రి. ఆ లెక్కతోనే ఫోన్ చేసింది. అది మోగి మోగి ఆగిపోయింది.

అక్కడ అప్పటికి పన్నెండు కాదు, ఒంటిగంట. రెండు రోజుల ముందు, మార్చి 8 ఆదివారం తెల్లవారుజామున రెండింటికి, అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపారు. అతను పన్నెండున్నర దాకా ఫోన్ వంక చూసి, పొద్దున్నే ఆఫీసు ఉందని పడుకున్నాడు. ఆమె మరిచిపోలేదు. అతనిది చిన్నదానికి అలిగే స్వభావమూ కాదు. అయినా ‘ఈసారి గుర్తులేదేమో’ అన్న ఆలోచనతో అతను నిద్రపోయాడు, ‘నేనే చేసినా తియ్యలేదు’ అన్న బాధతో ఆమె తిరిగి కౌంటరులో కూర్చుంది.

దూరదేశంలో ఉన్న మనిషికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడంలో రెండు పనులున్నాయి. ఒకటి లెక్క, రెండోది మాట. లెక్క తప్పితే మంచి మాట కూడా వేళగాని వేళ చేరుతుంది. లెక్క సరిపోయినా మాటలో పస లేకపోతే, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చిన ముప్ఫై సందేశాల్లో అది ముప్ఫై ఒకటోది అవుతుంది. ఈ రెండింటినీ ఈ జంట దగ్గరే ఉండి, ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం.

అరగంట చేసే చిక్కు

భారతదేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మిర్జాపూర్ మీదుగా దిగి, మన కాకినాడ ప్రాంతంలో సముద్రం దాటుతుందని బళ్లో చదువుకున్నాం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 82.5ను 15తో భాగిస్తే ఐదున్నర వస్తుంది. అందుకే మనం గ్రీనిచ్ కాలానికి ఐదున్నర గంటలు ముందుంటాం. ప్రపంచంలో ఎక్కువ దేశాలు పూర్తి గంటల తేడాతో ఉంటాయి కాబట్టి, మన పిల్లలు ఎక్కడికి వెళ్లినా లెక్కలో ఒక అరగంట తగులుకుంటుంది. నోటి లెక్క తప్పడానికి అది మొదటి కారణం.

రెండో కారణం, మనం గడియారం మార్చం, వాళ్లు మారుస్తారు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి నుంచి నవంబరు దాకా ఆ తేడా పదిన్నరే. న్యూజెర్సీకి చలికాలంలో పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. కాలిఫోర్నియాకు పదమూడున్నర, పన్నెండున్నర. లండన్‌లో గడియారం మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుతుంది. అక్కడ తేడా చలికాలంలో ఐదున్నర, వేసవిలో నాలుగున్నర.

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఇదంతా తిరగబడుతుంది. వాళ్లు మనకంటే ముందుంటారు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఐదున్నర గంటలు, మిగతా నెలల్లో నాలుగున్నర. అదే దేశంలో బ్రిస్బేన్ గడియారం మార్చదు, ఏడాదంతా నాలుగున్నరే. గల్ఫ్ దేశాలు కూడా మార్చవు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్, సౌదీ రెండున్నర గంటలు వెనక. ఒకసారి నేర్చుకుంటే చాలు.

ఇదంతా బట్టీ పట్టాల్సిన పని లేదు. తెలుసుకోవాల్సింది ఒక్కటే. మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే పుట్టినరోజులకు పాత లెక్కను నమ్మకూడదు. ఫోన్‌లోని వరల్డ్ క్లాక్ కూడా ఇక్కడ కొంతవరకే ఆదుకుంటుంది. అది చూపించేది ఈ క్షణపు తేడాను. మార్చి 1న చూసి, మార్చి 10కి అదే ఉంటుందనుకుంటే మన బ్యాంకు ఉద్యోగికి జరిగిందే జరుగుతుంది.

దీనికి గట్టి ఉపాయం ఫోన్ క్యాలెండర్‌లో ఉంది. పుట్టినరోజును మన సమయంలో రాసుకోకుండా, టైమ్ జోన్ అన్న చోట అవతలి మనిషి ఉన్న ఊరి సమయాన్ని ఎంచుకోవాలి. డల్లాస్‌కైతే `Central Time`. మార్చి 10, ఉదయం ఏడు గంటలు అని డల్లాస్ సమయంలో రాస్తే, విజయవాడలోని ఫోన్ దాన్ని సాయంత్రం ఐదున్నరగా మార్చి చూపిస్తుంది. మధ్యలో గడియారం మారే ఆదివారం వచ్చినా ఆ సర్దుబాటు అదే చేసుకుంటుంది. ఈమెయిల్‌ను ముందే రాసి ఫలానా సమయానికి వెళ్లేలా పెట్టేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. జీమెయిల్‌లో ఆ సమయం పంపేవాళ్ల గడియారం ప్రకారం ఉంటుంది, అందుకునేవాళ్లది కాదు.

ముప్ఫై నాలుగున్నర గంటల రోజు

ఇప్పుడు అసలు ప్రశ్న. పుట్టినరోజు ఎవరి గడియారం ప్రకారం?

మార్చి 10 విజయవాడలో మొదలయ్యేసరికి డల్లాస్‌లో ఇంకా 9వ తేదీ మధ్యాహ్నం ఒకటిన్నర. డల్లాస్‌లో 10వ తేదీ ముగిసేసరికి విజయవాడలో 11వ తేదీ ఉదయం పదిన్నర. అంటే ఈ ఇద్దరి మధ్య మార్చి 10 అన్న తేదీ ముప్ఫై నాలుగున్నర గంటలు బతుకుతుంది. చలికాలంలోనైతే ఇంకో గంట ఎక్కువ. ఈ పొడవు తెలియకే చాలామంది ఒకే ఒక్క క్షణం కోసం పరుగులు పెడతారు, ఆ క్షణం తప్పగానే అంతా అయిపోయిందని దిగులుపడతారు.

అతని తల్లి సంగతి చూడండి. ఆమె 10వ తేదీ ఉదయం ఆరింటికే తలంటు పోసుకుని, దీపం పెట్టి కొడుక్కి ఫోన్ చేస్తుంది. డల్లాస్‌లో అప్పుడు 9వ తేదీ రాత్రి ఏడున్నర. అతను అన్నం తింటూ ఉంటాడు. తన తేదీ ఇంకా రానేలేదు. అయినా ఆ ఫోను తొందరపాటు కాదు. అతను పుట్టింది విజయవాడలో, ఇక్కడి గడియారం ఆరు కొట్టినప్పుడు. ‘నువ్వు పుట్టిన వేళ ఇదేరా నాన్నా’ అని ఆమె అంటే అది అక్షరాలా నిజం. ఆ వేళ తల్లిది, దాన్ని ఆమెకే వదిలెయ్యాలి.

పంచాంగం చూసుకునే ఇళ్లలో ఇంకో మెలిక ఉంటుంది. తిథి చంద్రుడి గమనాన్ని బట్టి లోకమంతటా ఒకే క్షణంలో మారుతుంది. కానీ ఏ రోజుకు ఏ తిథి అన్నది ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి చెప్తారు. అందుకే మనకు ఒక తారీఖున వచ్చిన జన్మతిథి అమెరికాలో ముందురోజే రావచ్చు. అక్కడివాళ్లు తమ ఊరికి గుణించిన పంచాంగం చూసుకునేది ఇందుకే. మన పెద్దల లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రి కేకు కోయడం ఈమధ్య వచ్చిన అలవాటు. తలంటు, కొత్తబట్టలు, పాయసం, పెద్దల అక్షింతలు అన్నీ తెల్లవారాకే జరిగేవి.

తల్లిదండ్రులకు ఊరి గడియారం సరే. జీవిత భాగస్వామి మాత్రం పుట్టినరోజు ఎవరిదో వాళ్లు ఉన్నచోటి గడియారాన్నే పట్టుకోవాలి. ఆ రోజును గడిపేది వాళ్లు. వాళ్లు లేచే వేళ, వాళ్లు ఆఫీసుకు బయల్దేరే వేళ, ఒంటరిగా గదికి తిరిగొచ్చే వేళ, ఇవీ మనం చూసుకోవాల్సిన సమయాలు.

అర్ధరాత్రి కంటే మంచి వేళలు రెండు

అర్ధరాత్రికే చెప్పాలన్న పట్టుదల మీద ఒక మాట. నిద్ర మధ్యలో లేచిన మనిషికి మెదడు పూర్తిగా తేరుకోవడానికి పదిహేను నిమిషాల నుంచి అరగంట పట్టవచ్చు. ఆ మత్తులో విన్న మాట సగం గుర్తుండదు. మర్నాడు ఆఫీసున్న మనిషిని లేపి, బదులుగా ‘ఊఁ, థాంక్స్’ అనిపించుకుని, ‘సంతోషించనే లేదు’ అని నొచ్చుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఇద్దరికీ అర్ధరాత్రి ఇష్టమైతే, అతను మేలుకుని ఉంటానని ముందే చెబితే, అప్పుడు చేయవచ్చు. అనుకోకుండా లేపడం వేరు, ఎదురుచూసే మనిషితో మాట్లాడటం వేరు.

ఇప్పుడు డల్లాస్‌లో అతని మార్చి 10ని గంటగంటగా చూద్దాం. అక్కడ అర్ధరాత్రి అంటే ఇక్కడ పదిన్నర. ఆమె కౌంటరు ముందు వరస కట్టిన జనం. నిమిషం ఆగి మాట్లాడేందుకు కూడా వీలుండదు. ఈ వేళ ఒక సందేశానికి సరిపోతుంది. ముందురోజు రాత్రే రాసి దాచుకున్నదాన్ని పదిన్నరకు పంపేస్తే చాలు. అతను మేలుకుని ఉంటే అప్పుడే చూస్తాడు, పడుకుంటే లేచాక చూస్తాడు. అతను ఫోన్‌ను మోగనిచ్చి పడుకునే మనిషి అయితే, దాన్ని అతను లేచే వేళకు వాయిదా వెయ్యడం మంచిది.

అక్కడ ఉదయం ఏడు అంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర. అతను లేచి కాఫీ పెట్టుకుంటుంటాడు, ఆమె బ్యాంకు పని ముగించుకుని ఇల్లు చేరుతూ ఉంటుంది. ఇద్దరూ మెలకువగా, ఇద్దరూ కాస్త తీరికగా ఉండే మొదటి వేళ ఇది. ఫోన్ చేయాల్సింది ఇప్పుడు. పావుగంట చాలు.

ఆ తర్వాత అతను ఆఫీసుకు పోతాడు. ఆమె అన్నం తిని పడుకుంటుంది. అతను సాయంత్రం ఆరున్నరకు గదికి తిరిగొచ్చేసరికి ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజాము ఐదు. దాదాపు అందరూ జారవిడిచేది ఈ వేళనే. విజయవాడలో తేదీ మారిపోయింది. ఇంట్లో నిన్నటి పాయసం గిన్నె కూడా కడిగేశారు. ఆమె మనసులో అతని పుట్టినరోజు నిన్నటి సంగతి. డల్లాస్‌లో మాత్రం అతను తలుపు తీసి, దీపం వేసి, ఖాళీ గదిలో బూట్లు విప్పుకుంటున్నాడు. ఆఫీసులో కేకు కోసినవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. పొద్దున మోగిన ఫోన్ ఇప్పుడు మోగదు. పరదేశంలో పుట్టినరోజు అన్నిటికంటే ఎక్కువ బరువుగా తోచేది ఈ సాయంత్రపు గంటల్లోనే.

అందుకే రెండో ఫోను ఇక్కడ 11వ తేదీ ఉదయం ఏడున్నరకు చేయాలి. అక్కడ 10వ తేదీ రాత్రి తొమ్మిది. అతను తిని కూర్చుని ఉంటాడు, ఆమె బ్యాంకుకు బయల్దేరే ముందు కాస్త కూర్చోగలదు. ‘ఇక్కడ తెల్లారింది, మీకింకా మూడు గంటల పుట్టినరోజు మిగిలుంది, అందుకే మళ్లీ చేశాను’ అన్న ఒక్క మాట, అర్ధరాత్రి ఫోను కంటే లోతుగా తాకుతుంది. తన రోజు ఇంకా అయిపోలేదని అవతలి మనిషికి గుర్తుందని అతనికి తెలుస్తుంది కదా.

పడమట ఉన్నవాళ్లకు ముందురోజే పని

ఇదే జంటను తిప్పి చూద్దాం. ఆమె పుట్టినరోజు ఆగస్టు 19. అతను డల్లాస్‌లో ఆ రోజు ఉదయం ఏడింటికి లేచి, ఫోన్‌లో తేదీ చూసి, వెంటనే ఫోన్ చేశాడనుకోండి. ఇక్కడ సాయంత్రం ఐదున్నర. ఆమె తెల్లారి లేచింది, కొత్తచీర కట్టుకుంది, గుడికి వెళ్లొచ్చింది, బ్యాంకులో అందరూ అభినందించారు, రోజంతా ఫోన్ చూస్తూ గడిపింది. అతను తన లెక్కలో ఆలస్యం చేయలేదు. లేచిన మొదటి నిమిషంలోనే ఫోన్ చేశాడు. ఆమె లెక్కలో మాత్రం పగలంతా వెళ్లిపోయింది.

మనకంటే వెనక ఉన్న దేశాల్లోని వాళ్లు అందుకే రిమైండర్‌ను ఒకరోజు ముందు పెట్టుకోవాలి. ఆమె ఆగస్టు 19 డల్లాస్‌లో 18వ తేదీ మధ్యాహ్నం ఒకటిన్నరకే మొదలవుతుంది. 18వ తేదీ రాత్రి ఏడున్నరకు అతను ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్న వేళ, ఇక్కడ ఆమె ఆరింటికి లేచే వేళ. ఆ అరగంట వాళ్లిద్దరిది. ఇక్కడి దుకాణంలో పూలో కేకో చెప్పి బ్యాంకుకు పంపించాలన్నా ఆ రాత్రే పూర్తిచేసి పడుకోవాలి. అక్కడ 19 పొద్దున లేచి చేద్దామంటే ఇక్కడ బ్యాంకు మూసేసే వేళవుతుంది. ఆ తర్వాత అతను లేచాక చేసే ఫోను ‘ఎలా గడిచింది?’ అని అడగడానికి పనికొస్తుంది. ఆ ప్రశ్నకూ ఒక విలువుంది. రోజంతా జరిగినవి చెప్పుకోవడానికి ఆమెకు అతనికంటే మంచి శ్రోత లేరు.

సిడ్నీలోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్లకు ఈ చిక్కు రాదు. వాళ్లకు మనకంటే ముందే తెల్లారుతుంది. ఇక్కడివాళ్లే, అక్కడి మనిషి పుట్టినరోజైతే, ముందురోజు రాత్రి మేలుకోవాలి.

ఏం రాయాలి

ఇక మాట. ఆమె మార్చి 10 కోసం మొదట రాసుకున్న సందేశం ఇలా ఉందనుకుందాం.

‘హ్యాపీ బర్త్‌డే అండీ. మీరు లేకుండా ఇంకో ఏడాది గడిచిపోయింది. ఇక్కడ నాకేమీ బాగోలేదు. మనం ఎప్పటికి కలుస్తామో ఏమో. మీరు కూడా నన్ను తలుచుకుంటున్నారా?’

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. ప్రేమ కూడా ఉంది. కానీ చదివిన మనిషికి ముందు కలిగేది తప్పు చేశానన్న భావన. తన పుట్టినరోజున లేచీ లేవగానే అతను ఆమెను ఓదార్చే పనిలో పడతాడు. చివర ప్రశ్న ఉంది కాబట్టి వెంటనే జవాబివ్వాలి. మీటింగులో ఉండి ఆలస్యమైతే దానికి మళ్లీ సంజాయిషీ. బెంగ చెప్పుకోవడం తప్పేమీ కాదు. దానికి మిగతా రోజులున్నాయి. పుట్టినరోజు నాడు అది ఒక్క వాక్యానికి మించితే, శుభాకాంక్ష కాస్తా బరువవుతుంది.

అదే ఆమె ఇంకోలా రాసిందనుకోండి.

‘ఏవండీ, పుట్టినరోజు శుభాకాంక్షలు. చలికి కరెంటు పోయిన రాత్రి మీరు దుప్పటి కప్పుకుని ఫోన్ చేసి, ముందు నాన్న కంటి ఆపరేషన్ సంగతే అడిగారు, చుక్కలు వేళకు వేస్తున్నారా అని. మీరు పెట్టేశాక నాన్న ఆ చుక్కల సీసా పట్టుకుని, అబ్బాయి గుర్తుచేశాడు, వేసుకోవాలి అంటూ ఇల్లంతా తిరిగారు. ఈ సంగతి మీకు ఈ రోజు చెప్పాలని దాచుకున్నాను. పొద్దున సేమ్యా పాయసం చేశాను, మీకిష్టమని జీడిపప్పు ఎక్కువేసి. సాయంత్రం ఐదున్నరకు, మీరు లేచాక ఫోన్ చేస్తాను. ఇప్పుడు జవాబు రాయక్కర్లేదు, పడుకోండి.’

రెండింటికీ తేడా ఎక్కడుంది? రెండో సందేశంలో ఈ ఏడాది జరిగిన ఒకే ఒక్క సంగతి ఉంది. దాన్ని ఆమె తప్ప లోకంలో ఇంకెవరూ రాయలేరు. ‘మీరు చాలా మంచివారు’ అనలేదు. అతను చేసిన పని చెప్పింది, దాని ఫలితం ఇంట్లో ఎలా కనిపించిందో చెప్పింది. ఆ రెండో సగం అతనికి తెలియని సగం. దూరంగా ఉన్న మనిషి పోగొట్టుకునేది సరిగ్గా ఇదే. తను అన్న మాట, చేసిన పని, పంపిన డబ్బు ఇంట్లో ఏమయ్యాయో అతనికి కనబడదు. దాన్ని చూపించడం కంటే మంచి కానుక లేదు.

తర్వాత పాయసం వచ్చింది. తన రోజును ఇక్కడ కూడా ఒకరు జరుపుకుంటున్నారని ఆ ఒక్క ముక్కతో తెలుస్తుంది. ఆ తర్వాత ఫోన్ ఎప్పుడు చేస్తుందో సమయంతో సహా ఉంది కాబట్టి అతను ఎదురుచూపుల్లో కొట్టుమిట్టాడడు. చివరికి, జవాబు బాధ్యత తీసేసింది.

అతను ఆమెకు రాసేదానికీ ఇదే పద్ధతి. ‘నువ్వు జేఏఐఐబీ పరీక్షకు తెల్లవారుజామున లేచి, చదివిందంతా ఫోన్‌లో నాకు అప్పజెప్పేదానివి. నాకు సగం అర్థం కాలేదు. కానీ నీ గొంతులో నిద్ర మెల్లగా వదిలిపోవడం వింటూ కూర్చునేవాణ్ణి. నా రోజులో అదే మంచి గంట.’ నాలుగు వాక్యాలు. ఇంత రాయడానికి కవి కానక్కర్లేదు. ఏడాది పొడవునా ఇలాంటివి జరిగినప్పుడు ఫోన్ నోట్సులో ఒక్క లైను రాసిపెట్టుకుంటే చాలు. పుట్టినరోజు ముందురాత్రి కూర్చుని ఆలోచిస్తే ఏదీ గుర్తుకురాదు.

ఒక మాట మాత్రం రాయకూడదు. ‘వచ్చే పుట్టినరోజుకు కలిసే ఉంటాం’ అన్నది. వీసా మన చేతిలో లేదు, సెలవు మన చేతిలో లేదు. నెరవేరని ఆ వాక్యాన్ని వచ్చే ఏడాది అదే రోజున ఫోన్ మళ్లీ చూపిస్తుంది. టికెట్ తీసి ఉంటే తేదీ రాయండి. లేకపోతే చేతిలో ఉన్నదే చెప్పండి. ‘ఆదివారం ఇద్దరం ఒకే సినిమా ఒకేసారి పెట్టుకుని చూద్దాం, అక్కడ పొద్దున తొమ్మిదింటికి’ అన్నది చిన్న మాటే, కానీ నిలబడే మాట.

ఇంటిల్లిపాదీ, గది మిత్రులూ

మన ఇళ్లలో పుట్టినరోజు వీడియో కాల్ అంటే అత్తగారు, మామగారు, బావమరిది, మేనకోడలు అందరూ తెర ముందుకు వస్తారు. అది ఉండాల్సిందే. అయితే అందరి మధ్యా భార్యకు దక్కేది రెండు నిమిషాలు, అందులోనూ ‘తిన్నారా?’ తప్ప ఇంకేమీ అడగలేదు. అందుకని కుటుంబం ఫోను, జంట ఫోను వేరువేరుగా అనుకోవాలి. పైన చెప్పిన రెండు వేళల్లో సాయంత్రం ఐదున్నరది ఇంటిల్లిపాదికి, మర్నాడు ఉదయం ఏడున్నరది ఇద్దరికే అని పంచుకుంటే ఎవరికీ లోటుండదు. స్టేటస్‌లో ఫొటో పెట్టడం వీటి తర్వాతే. ఊరందరికీ తెలిశాక తనకు చేరిన శుభాకాంక్షలో సొంతదనం తగ్గిపోతుంది.

గల్ఫ్‌లో చిక్కు వేరు. జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి దుబాయ్, సౌదీ వెళ్లిన మగవాళ్లకు, గోదావరి జిల్లాలు, కడప వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకు గంటల తేడా పెద్ద సమస్య కాదు. డ్యూటీయే సమస్య. క్యాంపు గదిలో పక్కపక్కనే ఎన్నో మంచాలు. అందరూ వినేలా వీడియో కాల్‌లో మనసు విప్పలేరు. ఇంటిపనిలో ఉన్న మనిషికి ఫోన్ ముట్టుకునే వేళ యజమాని చేతిలో ఉండవచ్చు. ఇలాంటి చోట ఫోన్ కంటే వాయిస్ మెసేజ్ మేలు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తనకు వీలైనప్పుడు, ఎన్నిసార్లైనా వినవచ్చు. నిమిషం, నిమిషంన్నర చాలు. వెనక ఇంటి చప్పుళ్లు, కుక్కర్ కూత, పిల్లాడి అల్లరి వినబడితే వాటిని ఆపకండి. దూరంగా ఉన్న చెవికి అవి కూడా కావాలి.

ఈ తరం ముందువాళ్లలో చాలామందికి ఇంకో సంగతి వర్తిస్తుంది. బళ్లో చేర్చేటప్పుడు రాయించిన తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఇంకొకటి. పాస్‌పోర్టులో ఉన్న తేదీకి కంపెనీ శుభాకాంక్షలు పంపుతుంది, స్నేహితులు పంపుతారు. అసలు తేదీ తెలిసింది ఇంటివాళ్లకే. ఆ రోజున పరదేశంలో ఎవరూ ఏమీ అనరు. కాబట్టి ఆ రోజున చేరే ఒక్క మాటకు ఎంత విలువో ఆలోచించండి.

వేళ తప్పితే

మెట్ల దగ్గర నిలబడ్డ ఆమె దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఫోన్ తియ్యలేదు. ఇప్పుడు ఏం చేయాలి? మళ్లీ మళ్లీ చేయకూడదు. అక్కడ ఒంటిగంట. ‘అక్కడ గడియారం మారిన సంగతి చూసుకోలేదు, గంట ఆలస్యమైంది’ అని ఒక్క వాక్యం రాయాలి. దానికి ఐదు క్షమాపణలు, నాలుగు ఏడుపు బొమ్మలు చేర్చనక్కర్లేదు. అలా చేర్చితే ఆ రోజు ఆమె తప్పు గురించినది అవుతుంది, అతని పుట్టుక గురించినది కాదు. ఆ వాక్యం కింద ముందే రాసుకున్న సందేశం పంపి, ఐదున్నరకు ఫోన్ చేయాలి.

అతని వైపు నుంచీ ఒక బాధ్యత ఉంది. అక్కడ గడియారం మారే ఆదివారం రాగానే ‘ఈ రోజు నుంచి మన తేడా పదిన్నరే’ అని ఇంటికి చెప్పాల్సింది అతనే. ఆ మార్పు అతని కళ్లముందు జరుగుతుంది, ఆమెకు ఇక్కడ దాని జాడే ఉండదు.

ముప్ఫై నాలుగున్నర గంటల రోజులో ఆమె పోగొట్టుకున్నది ఒక గంట. మిగిలినవన్నీ ఇంకా ఉన్నాయి. 11వ తేదీ ఉదయం ఏడున్నరకు ఆమె మళ్లీ ఫోన్ చేస్తే, డల్లాస్‌లో ఆ రాత్రి తొమ్మిదింటికి ఖాళీ గదిలో అది మోగుతుంది. అతను ముందురోజు రాత్రి పన్నెండున్నర దాకా ఎదురుచూసింది ఆ గొంతు కోసమే.

మీ మనిషి ఎక్కడో దూరదేశంలో ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టగానే ఒక పని చేయండి. ఫోన్ క్యాలెండర్ తెరిచి, వాళ్ల పుట్టినరోజును వాళ్ల ఊరి సమయంలో రెండుచోట్ల రాసుకోండి. ఉదయం ఏడుకు ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. ఆ రెండోదాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి.